మాట ఒకటే, చెల్లింపులు రెండు

డూప్లికేట్ టికెట్లను కలపడం గురించి మాట్లాడమన్నారు. ఇందులో అరగంట చెప్పడానికి ఏముంది, మెనూలో `Merge` అని ఉంటుంది, నొక్కితే సరిపోతుంది కదా అని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. ఒకప్పుడు నాకూ అలాగే ఉండేది. ఒక శుక్రవారం సాయంత్రం జరిగింది చెప్తాను.

అప్పట్లో ఆన్‌లైన్లో చీరలమ్మే ఒక సంస్థలో సపోర్ట్ టీమ్ చూసేదాన్ని. రాత్రి 7:42కి ఒకావిడ మెయిల్ పెట్టారు. డబ్బు కట్ అయింది, ఆర్డర్ కనిపించడం లేదు, చీర ధర 2,350 రూపాయలు. యూపీఐ యాప్ స్క్రీన్‌షాట్ జత చేశారు. అది 4127వ టికెట్ అయింది. 7:58కి మళ్లీ కొత్త మెయిల్. అవే మాటలు, చూడ్డానికి అదే స్క్రీన్‌షాట్. అది 4131. ఎనిమిదిన్నరకి, మొదటి మెయిల్‌కి మా సిస్టమ్ పంపిన "అందింది" అన్న జవాబుకే రిప్లై కొట్టి "ఏమైందండీ?" అన్నారు. ఇది కొత్త టికెట్ కాలేదు, 4127లోనే చేరింది. తొమ్మిదింబావుకి వాళ్లాయన తన మెయిల్ నుంచి రాశారు: మాకు చీరా వద్దు ఏమీ వద్దు, డబ్బు వెనక్కి పంపండి. అది 4140.

ఒకే మనిషి రాసిన రెండో మెయిల్ విడిగా ఎందుకు పుట్టింది, మూడోది పాతదాంట్లోకి ఎలా వెళ్లింది అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. మెయిల్ పైన మనకి మామూలుగా కనపడని వరుసలు కొన్ని ఉంటాయి. రిప్లై కొడితే అవి ఇలా వస్తాయి:

```
Message-ID: <m3@example.com>
In-Reply-To: <ack-4127@example.com>
```

రెండో వరుస చూసే సిస్టమ్ ఇది ఫలానా ఉత్తరానికి జవాబని తెలుసుకుంటుంది. కంపోజ్ నొక్కి కొత్తగా రాసిన మెయిల్‌కి ఆ వరుసే ఉండదు. అందుకని అది కొత్త టికెట్. సిస్టమ్ తప్పేం లేదు, కస్టమర్ తప్పు అసలే లేదు. కంగారులో ఉన్న మనిషి పాత మెయిల్ వెతుక్కుని రిప్లై కొట్టదు.

మా ఏజెంట్ చురుకైన కుర్రాడు. క్యూలో పైన 4131 ఉంది, దాని కింద 4127. ఒకే పేరు, ఒకే సబ్జెక్టు, ఒకే మొత్తం. 4127ని 4131లో కలిపేశాడు. మేం వాడుతున్న టూల్ కలిపేటప్పుడు పాత టికెట్లోని చివరి కామెంట్ ఒక్కటే కొత్తదాంట్లోకి తెచ్చి, పాతదాన్ని మూసేస్తుంది. జెండెస్క్ వాడేవాళ్లకి ఈ పద్ధతి బాగా తెలుసు. మూసిన దానికి `closed_by_merge` అని ట్యాగ్ కూడా తగిలిస్తుంది. మరి 4127లో చివరి కామెంట్ ఏది? "ఏమైందండీ?" అన్న ఒక్క మాట. అదే 4131లోకి వచ్చింది. మొదటి మెయిల్, దానికున్న స్క్రీన్‌షాట్, మూసిన టికెట్లో ఉండిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రెండు స్క్రీన్‌షాట్లూ ఒకటి కావు. యూపీఐ చెల్లింపు ప్రతిదానికీ 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటుంది, మనం వాడుకలో యూటీఆర్ అంటాం. మొదటిది 318తో ముగిసింది, రెండోది 655తో. డబ్బు పోయిందో లేదో తెలియక ఆవిడ మరోసారి కట్టారు. రెండూ మా గేట్‌వే దాకా వచ్చాయి, ఆర్డర్ మాత్రం ఒక్కటీ పుట్టలేదు. కంగారులో ఆ విషయం విడమరిచి చెప్పకుండా, రెండోసారీ అవే మాటలు రాశారు. పొద్దున్న షిఫ్టులో వచ్చిన అమ్మాయి 4131 తెరిస్తే కనబడిన యూటీఆర్ ఒక్కటే. దానికి రీఫండ్ పెట్టి టికెట్ సాల్వ్ చేసింది. ఆ అమ్మాయిని ఏమనగలం? తన కళ్లముందున్నది తను సరిగ్గానే చేసింది.

అదే సమయంలో 4140లో ఇంకో ఏజెంట్ వాళ్లాయనకి "దయచేసి మీ ఆర్డర్ నంబర్ చెప్పగలరా?" అని రాశాడు. ఆర్డర్ రాలేదనే కదా వాళ్ల గొడవంతా! ఆవిడకేమో రీఫండ్ అయిపోయిందని మెయిల్, ఈయనకేమో ఆర్డర్ నంబర్ ఇమ్మని మెయిల్. ఆ ఇంట్లో ఆ పూట ఏం మాట్లాడుకున్నారో నేను ఊహించుకోగలను. పదో రోజున ఆవిడ మళ్లీ రాశారు: "ఒకటి వచ్చింది, ఇంకోటి ఏదీ?" అప్పుడుగానీ మూసిన 4127 తెరిచి చూడలేదు మేము.

కలిపింది విడదీద్దామంటే, చాలా టూల్స్‌లో ఆ వీలు లేదు. నిర్ధారించమని అడిగే పెట్టె ఒకటి వస్తుంది, ఎవరూ చదవరు. మూసిన టికెట్లోంచి స్క్రీన్‌షాట్ తీసి, కొత్తదాంట్లో ఇంటర్నల్ నోట్‌గా పెట్టుకుని, రెండో రీఫండ్ చేశాం.

ఇదే పని మళ్లీ చేయాల్సొస్తే ఎలా చేస్తానో చెప్తాను. ముందు రెండు టికెట్లూ పక్కపక్కన తెరిచి, సబ్జెక్టూ మాటలూ వదిలేసి, యూటీఆర్ చివరి అంకెలు చూస్తాను. ఒకే నంబరైతే నిజంగా డూప్లికేట్. వేరు నంబర్లైతే ఒకే మనిషికి రెండు సమస్యలు. అప్పుడూ కలపొచ్చు, ఇద్దరు ఏజెంట్లు చెరో మాట చెప్పకుండా ఉండటానికి కలపడమే మేలు కూడా. కానీ కలిపే ముందే ఉంచబోయే టికెట్లో "చెల్లింపులు రెండు: 318, 655" అని నోట్ రాస్తాను. మీ వ్యాపారం వేరైతే యూటీఆర్ స్థానంలో ఇన్‌వాయిస్ నంబరో, సీరియల్ నంబరో ఉంటుంది.

తర్వాత, ఏది దేంట్లోకి. నేను మామూలుగా పాతదాన్ని ఉంచి కొత్తదాన్ని అందులో కలుపుతాను. ఆవిడ ఎదురుచూపు 7:42కి మొదలైంది, 7:58కి కాదు. కొత్తదాన్ని ఉంచితే మన గడియారం పదహారు నిమిషాలు ఆలస్యంగా మొదలవుతుంది, రిపోర్టులో మనం ఉన్నదానికంటే చురుగ్గా కనబడతాం. పైగా కొత్తదాంట్లో సాధారణంగా ఒకే మెయిల్ ఉంటుంది కాబట్టి చివరి కామెంట్ ఒక్కటే వచ్చినా పోయేదేమీ ఉండదు. ఒక్క సందర్భంలో మాత్రం ఈ నియమం పక్కన పెడతాను. కొత్త టికెట్లో మనవాళ్లెవరో ఇప్పటికే కస్టమర్‌తో మాట్లాడుతుంటే, దాన్నే ఉంచుతాను. నడుస్తున్న మాటను మధ్యలో తెంపకూడదు. పాతదాంట్లో ఉన్నదంతా చేత్తో తెచ్చి అందులో పెడతాను.

వాళ్లాయన 4140 సంగతి వేరు. వేరే మెయిల్ నుంచి వచ్చింది కాబట్టి దాన్ని కలపను. కలిపి ఆయన్ని సీసీలో పెడితే ఇకమీద మన జవాబులన్నీ ఇద్దరికీ వెళ్తాయి. ఒకే ఇంటివాళ్లే కావచ్చు, కానీ ఆ చీర ఎవరికోసమో మనకి తెలియదు కదా! 4140లో 4127 నంబర్ నోట్ చేసి, ఈ విషయంలో జవాబు మొదట రాసిన మెయిల్‌కే ఇస్తామని ఆయనకి రెండు ముక్కలు రాస్తే చాలు.

ఇంకొక్క మాట, కస్టమర్‌కి వెళ్లే కబురు గురించి. కలిపినప్పుడు టూల్ తనంతట తాను ఒక వాక్యం రాసి పెడుతుంది, మీ రిక్వెస్ట్ మూసి ఇంకోదాంట్లో కలిపాం అన్న అర్థంతో. కస్టమర్ కంటికి అందులో మూసేశారు అన్న ఒక్క మాటే ఆనుతుంది. వెంటనే ఇంకో మెయిల్, ఇంకో టికెట్. నేను ఆ వాక్యాన్ని కస్టమర్‌కి కనిపించకుండా ఇంటర్నల్‌గా మార్చి, విడిగా ఇలా రాయిస్తాను: "అమ్మా, మీ మెయిల్స్ అన్నీ చేరాయి. 318తోనూ 655తోనూ ముగిసే చెల్లింపులు రెండు మా దగ్గర కనిపిస్తున్నాయి. రెండింటికీ రీఫండ్ పెడుతున్నాం. ఇంకేమైనా చెప్పాలంటే ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి."

చివర్లో ఆ రిప్లై మాట ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.