ఉప్పెన నాటికి నీ ఒళ్లో ఎవరున్నారు?

(పింఛను దరఖాస్తులపై పనిచేసే గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనం పనిచేసే ఊళ్లలో అరవై దాటిన ఆడవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. అన్నదమ్ములను బడిలో వేశారు కాబట్టి వాళ్ల వయసు బడి రిజిస్టరులో ఉంది. ఆడపిల్లను పొలానికి పంపారు కాబట్టి ఆమె వయసు ఎక్కడా లేదు. తర్వాత ఎప్పుడో కార్డు రాయడానికి వచ్చిన మనిషి ఆమె ముఖం చూసి ఒక అంకె వేశాడు. ఈరోజు ఆ అంకే ఆమె పింఛనుకు అడ్డం పడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను వయసును 2019లో 65 నుంచి 60కి తగ్గించారు. కార్డులో అంకె తప్పుగా పడిన స్త్రీకి ఆ తగ్గింపు వల్ల ఒరిగిందేమీ లేదు.

రాత లేనిచోట జ్ఞాపకాన్ని పట్టుకుని పుట్టిన సంవత్సరాన్ని ఎలా చేరుకోవచ్చో, దివిసీమలో నేను కూర్చుని రాసిన ఒక దరఖాస్తు ద్వారా చెబుతాను.

ఆమె కార్డులో పుట్టిన సంవత్సరం 1967 అని ఉంది. అంటే 2019లో 52 ఏళ్లు. వయసెంతని అడిగితే "అరవై ఉంటాయేమోనమ్మా" అంది. ఈ జవాబు మీద ఆధారపడకూడదు. తెలియని వయసును అందరూ యాభై, అరవై అని గుండు అంకెల్లోనే చెబుతారు. అందుకే నేను వయసు అడగడం మానేసి, "ఉప్పెన వచ్చిన రాత్రి మీరెక్కడున్నారు?" అని అడిగాను.

దివిసీమలో ఉప్పెన అంటే 1977 నవంబరు 19. కార్తీక మాసం, వరి ఇంకా చేలలోనే ఉంది. పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ రాత్రిని మరిచిపోయిన మనిషి అక్కడ ఉండదు. అయినా ఆమె చెబుతున్నది ఆ రాత్రి గురించేనా అని నిర్ధారించుకోవాలి. 1990 మే నెలలోనూ ఆ ప్రాంతంలో పెద్ద తుపాను వచ్చింది. సంవత్సరం అడిగితే తేలదు. "చేలో ఏముంది అప్పుడు?" అని అడగండి. కోతకు రాబోతున్న వరి అంటే 1977. నడి వేసవి, ఖాళీ చేలు అంటే 1990. ఆమె వరి అనే చెప్పింది.

రెండో ప్రశ్న, "అప్పుడు మీ ఒళ్లో ఎవరున్నారు?" "పెద్ద పిల్ల. పట్టుకుని నిలబడుతోంది, అడుగు వేయడం లేదు. సంక్రాంతి వెళ్లాక పుట్టింది." అంటే పాపకు పది నెలలు. 1977 జనవరి చివర పుట్టింది.

అక్కడి నుంచి వెనక్కి నడవాలి. "పెళ్లయ్యాక మొదటి సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాను. ఆ ఎండల్లోనే నెల తప్పింది" అంది. అది 1976 సంక్రాంతి కాబట్టి పెళ్లి 1975 వేసవిలో. "పెద్దమనిషినయ్యాక రెండు ఊడ్పులకు వెళ్లాను, తర్వాత పెళ్లి చేశారు." ఆ రెండు ఊడ్పులు 1973, 1974. కాబట్టి ఆమె పెద్దమనిషి అయింది 1972 ఊడ్పులకూ 1973 ఊడ్పులకూ మధ్య.

ఇంతవరకు లెక్క గట్టిది. ఇక్కడ సడలుతుంది. ఆడపిల్లలు పన్నెండో ఏట పెద్దమనిషి కావచ్చు, పదిహేనో ఏట కావచ్చు. కాబట్టి ఆమె పుట్టింది 1957కూ 1961కూ మధ్య ఎప్పుడైనా కావచ్చు. 2019లో అరవై నిండాలంటే 1959లో గానీ అంతకు ముందు గానీ పుట్టి ఉండాలి. మన అంచనా ఆ గీతకు ఇటూ అటూ పరుచుకుని ఉంది. ఇలాంటిచోట ఇష్టమొచ్చిన సంవత్సరం వేసుకుని సరిపెట్టుకోకూడదు. ఇంకో గుర్తు, మొదటిదానితో సంబంధం లేనిది, వెతకాలి.

అది తమ్ముడి దగ్గర దొరికింది. బడి రిజిస్టరులో అతని పుట్టిన తేదీ 1962 జూలై 1. ఆ తేదీని నేను నమ్మలేదు. బడిలో చేర్చేటప్పుడు అయిదేళ్లు నిండినట్టు లెక్క కట్టి పంతుళ్లు వేసే తేదీలు ఇలాగే ఉంటాయి. కానీ ఏడాది అటూ ఇటూ ఆ సంవత్సరాన్ని తీసుకోవచ్చు. ఆమెను అడిగాను, "తమ్ముడు పుట్టడం గుర్తుందా?" "పుట్టడం గుర్తులేదు. అమ్మ ఊడుస్తుంటే వాణ్ణి చంకనెత్తుకుని గట్టు మీద నిలబడేదాన్ని. వాడికింకా నడక రాలేదు." నడక రాని పిల్లవాణ్ణి చంకనెత్తుకోవాలంటే ఆమెకు నాలుగయిదేళ్లయినా ఉండాలి. అది గుర్తుండాలన్నా అంతే వయసు కావాలి. అది 1962 లేదా 1963 ఊడ్పుల కాలం. అంటే ఆమె 1958కి ఇటు పుట్టి ఉండే అవకాశం తక్కువ. రెండు లెక్కలూ కలిసేది 1957-58 దగ్గర. 2019 నాటికి అరవై నిండాయి.

ఇప్పుడు కార్డులోని 1967ను ఈ గుర్తుల పక్కన పెట్టి చూడండి. అది నిజమైతే ఉప్పెన నాటికి ఆమెకు పదేళ్లు, ఒళ్లో పది నెలల కూతురు. తాను ఎత్తుకు పెంచిన తమ్ముడి కంటే అయిదేళ్లు చిన్నది. దరఖాస్తులో మేము ముందుగా రాసింది ఇదే. మన అంచనా సరైనదని ఒప్పించడం కంటే కార్డులో అంకె అసాధ్యమని చూపడం తేలిక. కూతురి బడి సర్టిఫికెట్టు, తమ్ముడి రిజిస్టరు నకలు జతచేశాం. అవి ఆమె వయసుకు నేరుగా రుజువులు కావు, కానీ ఆ అంకె నిలవదని చూపడానికి సరిపోతాయి.

మీరు జాగ్రత్తపడవలసినవి మూడు.

మొదటిది, జవాబును మీరే అందించకండి. "ఉప్పెన నాటికి ఇరవై ఉంటాయా?" అంటే ఆమె అవునంటుంది. ఇరవై అయిదా అన్నా అవునంటుంది. అంకె లేని ప్రశ్న అడగండి: ఒళ్లో ఎవరు, చేలో ఏముంది, ఎవరి చెయ్యి పట్టుకున్నారు?

రెండోది, చూసినదాన్ని, విన్నదాన్ని వేరు చేయండి. "గాలివానకు నేను ఉయ్యాల్లో ఉన్నానట" అనే మాటలో ఆ 'ట' ముఖ్యం. అది తల్లి జ్ఞాపకం. పనికొస్తుంది కానీ, ఏ గాలివానో మళ్లీ తేల్చుకోవాలి. 1949లో బందరు వైపు వచ్చినదాన్నీ తర్వాతి వాటినీ జనం ఒకే పేరుతో పిలుస్తారు.

మూడోది, తెలుగు సంవత్సరాల పేర్లు. మన కరువులకు ఆ పేర్లే ఉన్నాయి. ధాత కరువు అంటే 1876-77, నందన కరువు అంటే 1832-33. కానీ పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. నందన 1952లో వచ్చింది, 2012లోనూ వచ్చింది. "నందనలో పుట్టాను" అని పెద్దామె అంటే అది 1952-53 అని తేలుతుంది. ఒక కరువు కథను ఆ పేరుతో చెబితే మాత్రం, ఆమె చూసిందా, నాయనమ్మ చెప్పిందా అని అడగండి.

ఈ పద్ధతి తేదీని ఇవ్వదు, సంవత్సరాన్ని కూడా ఒక్కోసారి రెండు మూడేళ్ల వెడల్పుతోనే ఇస్తుంది. ఆ వెడల్పును దాచకుండా "1957-58" అనే రాయండి. ఆధార్‌లో పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి, లెక్క తేలకముందే మార్పించడానికి తొందరపడకండి. ఆధార్‌లో అంకె ఉంది కదా, ఇంక మాట్లాడడానికేముందని ఎవరైనా అంటే, వయసు నిర్ణయానికి ఆధార్ తేదీ రుజువు కాదని 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి గుర్తుచేయండి. డాక్టరు దగ్గరకు పంపుతామన్నా ఒక మాట తెలిసి ఉండాలి. ఎముకల ఎక్స్‌రే పెరిగే పిల్లల వయసు చెప్పడానికి కొంత పనికొస్తుంది. ఎముకలు పూర్తిగా అతుక్కున్న తర్వాత యాభై రెండుకూ అరవైకీ తేడా అందులో తేలదు.

రేపు ఊళ్లకు వెళ్లేముందు మీ మండలానికి ఒక పట్టీ రాసుకోండి. ఉప్పెన, వరద, కాలువకు నీళ్లు వదిలిన ఏడు, ఊరికి కరెంటు వచ్చిన ఏడు, ఒక్కోదాని పక్కన నెల, ఆ నెలలో చేలో ఉండే పంట. పది గుర్తులు చాలు. వాటిలో కనీసం రెండింటితో ఆమె మాట కలిసినప్పుడే దరఖాస్తు మీద సంవత్సరం వేయండి.