చందువా, కానాగంత, కవ్వలు: ముందు కొవ్వు చూడండి, తర్వాత పొయ్యి వెలిగించండి

కిందటి ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, చందువాకి అంత డబ్బులు పెట్టి తెచ్చి పులుసు పెడితే ఏమీ టేస్ట్ లేదు. అదే పులుసులో కానాగంతలు వేస్తే అదిరిపోయింది. ఎందుకు?" ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఈ ప్రశ్నకి జవాబే. మూడు చేపలు తీసుకుందాం: చందువా, కానాగంత, కవ్వలు.

ముందు పేర్ల గొడవ తీర్చేద్దాం, ఎందుకంటే యాప్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడు సగం కన్‌ఫ్యూజన్ ఇక్కడే. చందువా అంటే పాంఫ్రెట్. కానాగంత అంటే మ్యాకరెల్. కొన్నిచోట్ల కానాగడత అనీ, కనగుర్త అనీ అంటారు. హైదరాబాద్ షాపుల్లో దీన్నే బంగడా అని అమ్ముతారు. కవ్వలు అంటే సార్డీన్స్, మలయాళీ ఫ్రెండ్స్ చెప్పే మత్తి. ఇంకో సరదా విషయం. కానాగంత సైంటిఫిక్ పేరు రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ రెండో మాట మన విశాఖపట్నం తీరం నుంచి వెళ్లిందే. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖలో దొరికిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. అందులో ఇక్కడివాళ్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. తర్వాత కువియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పేరునే ఖాయం చేశాడు.

సరే, అసలు విషయానికి వద్దాం. నేను ఒకే రోజు మూడు రకాలూ తెచ్చి, ఒకే మసాలా పట్టించి, ఒకే పెనం మీద వేయించి చూశాను. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, కాస్త నిమ్మరసం, అంతే. మసాలా ఒకటే కాబట్టి తేడా వస్తే అది చేపదే.

చందువా మాంసం తెల్లగా, పొరలు పొరలుగా, మెత్తగా వచ్చింది. వెన్నలాంటి తియ్యదనం ఉంది, నీచు వాసన దాదాపు లేదు. కానాగంతలో చర్మం కింద పక్కల పొడుగునా ఒక ముదురు ఎర్ర పట్టీ కనిపించింది. ఆ పట్టీ దగ్గర రుచి చాలా ఘాటు, మిగతా మాంసం కొంచెం గట్టి. కవ్వలైతే పెనం మీద వేసిన రెండు నిమిషాలకే తమ నూనె తామే వదిలాయి. నేను పోసిన నూనె కంటే పెనంలో ఎక్కువ కనిపించింది. వాసన వీధంతా వెళ్లింది, అది వేరే విషయం.

ఈ తేడాకి కారణం చేప ఈదే పద్ధతి, దాని కొవ్వు. కానాగంతలు, కవ్వలు గుంపులుగా, ఆగకుండా ఈదుతూనే ఉంటాయి. అలా ఈదాలంటే ఆక్సిజన్ పట్టి ఉంచే ఎర్ర కండ కావాలి. ఆ కండలో ఇనుము, కొవ్వు రెండూ ఎక్కువ. ఘాటైన రుచి అక్కడి నుంచే. కానీ చేప కొవ్వు గాలి తగిలితే త్వరగా పాడయ్యే రకం, పక్కన ఇనుము ఉంటే ఇంకా త్వరగా. నీచు వాసనలో పెద్ద వాటా దీనిదే. చందువాలో ఎర్ర కండ చాలా తక్కువ. అందుకే దాని రుచి సున్నితంగా ఉంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు మీకే తెలిసిపోయి ఉంటుంది. చింతపండు పులుసు గట్టి మనిషి. దాని ముందు నిలబడాలంటే చేప కూడా గట్టిదే అయ్యుండాలి. కానాగంత కొవ్వు పులుసులోకి దిగి రుచి ఇస్తుంది, పులుపు ఆ నీచు వాసనని అణిచేస్తుంది. ఇద్దరికీ లాభం. చందువాకి అణచాల్సిన వాసన లేదు, పులుసుకి ఇవ్వాల్సినంత కొవ్వూ లేదు. దాని రుచి పులుసులో మునిగిపోతుంది. మీ డబ్బులు కూడా.

కాబట్టి చందువాని పెనం మీదే వండండి. మూడు, నాలుగు వందల గ్రాముల చేప అయితే బాగుంటుంది. రెండు వైపులా నడి ముల్లు తగిలేదాకా మూడేసి గాట్లు పెట్టండి. ముందు ఉప్పు, కారం, పసుపు పట్టించండి. నిమ్మరసం మాత్రం వేయించే ముందు పదిహేను నిమిషాలకి మించి ఉంచొద్దు. రాత్రంతా నిమ్మరసంలో నానబెడితే పై మాంసం పులుపుకే గట్టిపడి, తర్వాత పెనం మీద పీచులా అవుతుంది. మీడియం మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు, ఒక్కసారే తిప్పాలి. అయిందో లేదో తెలియాలంటే తల వెనక మందంగా ఉన్నచోట చాకు మొన పెట్టి కొంచెం తెరవండి. మాంసం అద్దంలా మెరుస్తుంటే ఇంకా ఉడకలేదు. పాలలా తెల్లబడి ముల్లు నుంచి విడిపోతుంటే వెంటనే దించేయండి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే అందులో నీరంతా బయటికి పోయి పొడిపొడిగా అవుతుంది.

కానాగంత పులుసు చూద్దాం. అరకిలోకి మూడు నాలుగు చేపలు తూగుతాయి. నిమ్మకాయంత చింతపండు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి, పావు చెంచా మెంతులు. ఉల్లిపాయ వేగాక కారం, పులుసు పోసి, ముందు పులుసునే పది, పన్నెండు నిమిషాలు మరిగించండి. చేప వేశాక పచ్చి వాసన పోయేదాకా మరిగిద్దాం అనుకుంటే ఈలోపు చేప చితికిపోతుంది. చిక్కబడ్డాక ముక్కలు వేసి సన్న మంట మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. గరిట పెట్టొద్దు. మసిగుడ్డతో దాక పట్టుకుని గుండ్రంగా తిప్పండి, మన అమ్మమ్మలు తిప్పినట్టు. పైన నూనె తేలుతుంది చూడండి, అందులో కొంత చేపదే. ఇది మర్నాటికి ఇంకా బాగుంటుంది. కానీ వేయించిన కానాగంతని మర్నాడు వేడి చేస్తే నీచు వాసన బయటికొస్తుంది. వేపుడు చేస్తే ఆ పూటే తినేయండి.

ఇక కవ్వలు. ఇక్కడ కొవ్వు ఒక అంకె కాదు, సీజన్‌ని బట్టి మారుతుంది. బక్కగా ఉన్న నెలల్లో వంద గ్రాములకి రెండు మూడు గ్రాములే ఉండొచ్చు, బాగా మేసిన కాలంలో పది దాటుతుంది. పైగా మన తీరంలో కవ్వలు ఒక్క రకం కాదు. నూనె కవ్వలు గుండ్రంగా, లావుగా ఉంటాయి. మామూలు కవ్వలు కొంచెం పలచగా, కొవ్వు తక్కువగా ఉంటాయి. చేతిలో పట్టుకుని వీపు చూడండి. లావుగా, గుండ్రంగా ఉంటే అది పెనం మీద, బొగ్గుల మీద, ఎయిర్ ఫ్రయర్‌లో నూనె లేకుండా పెట్టొచ్చు: 180 డిగ్రీల దగ్గర పది, పన్నెండు నిమిషాలు. బక్కగా ఉంటే ఇగురు పెట్టండి. చందువాని ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టాలంటే మాత్రం పైన నూనె రాయాల్సిందే.

"కవ్వల్లో ముళ్లు బాబోయ్" అనేవాళ్ల కోసం ఒక మాట. చందువాలో నడి ముల్లు, దానికి రెండు పక్కలా దువ్వెనలా ముళ్లు, అంతే. పైనుంచి గీరితే మాంసం ఊడొస్తుంది. పిల్లలకి పెట్టడానికి అదే మంచిది. కానాగంతలో నడి ముల్లు గట్టిది, పట్టుకుని లాగితే చాలావరకు ఒకేసారి వస్తుంది. కవ్వల్లో మాత్రం కండ మధ్యలో వెంట్రుకల్లాంటి ముళ్లు ఎన్నో. వాటిని ఏరడం కాదు, మెత్తబరచడం దారి. తల, పొట్ట తీసి, చింతపండు రసం, కారం, ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి కుక్కర్‌లో పెట్టండి. విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై అయిదు, ముప్పై నిమిషాలు ఉంచండి. వేడి, ఒత్తిడి, పులుపు కలిసి ముళ్లని నమిలి మింగేంత మెత్తగా చేస్తాయి. కాల్షియం కూడా ఆ ముళ్లతోనే వస్తుంది. కొవ్వు ఉంది కాబట్టి అంతసేపు ఉడికినా కవ్వలు పొడిబారవు. ఇదే పని చందువాతో చేసి చూడకండి.

"మరి నేను తెచ్చిన చందువాలో కండ నిండా ముళ్లున్నాయి" అంటారా? అది బహుశా రూప్‌చంద్. మన చెరువుల్లో పెంచే మంచినీటి చేప, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. తినడానికి తప్పేమీ లేదు, కానీ చందువా రేటు పెట్టి కొనకూడదు. నోరు తెరిచి చూడండి. రూప్‌చంద్‌కి మన దవడ పళ్లలాంటి బలమైన పళ్లుంటాయి, పొట్ట కింద రెండు చిన్న రెక్కలుంటాయి. వెండి చందువాకి నోరు చిన్నది, పొట్ట కింద ఆ జత రెక్కలే ఉండవు, తోక లోతుగా చీలి ఉంటుంది. ముక్కలు కొట్టాక ఇవేవీ కనిపించవు కాబట్టి కొట్టకముందే చూసుకోండి.

చివరగా ఒక్క జాగ్రత్త, ఇది స్కిప్ చేయకండి. కానాగంత, కవ్వలు వేడిలో కొన్ని గంటలు ఉంటే, బ్యాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. ఇది వండితే పోదు. కుక్కర్‌లో పెట్టినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. వాసన తేడాగా లేకపోయినా ఉండొచ్చు. తింటుంటే నాలుక మీద మిరియాల్లా చురుక్కుమంటే అక్కడే ఆపేయండి. తర్వాత కాసేపట్లో ముఖం ఎర్రబడటం, తలనొప్పి, గుండె దడ, దద్దుర్లు రావచ్చు. చాలామంది "నాకు చేప పడదు" అనుకుంటారు, నిజానికి పడనిది ఆ రోజు ఎండలో ఉన్న చేప. ఊపిరి ఆడటం కష్టమైతే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి. చందువాలో ఈ ప్రమాదం చాలా తక్కువ.

కాబట్టి ఈ రెండూ కొనేటప్పుడు ఐస్ పైన కాదు, ఐస్ లోపల ఉన్నవి అడగండి. మొప్పలు ఎర్రగా ఉండాలి. కవ్వల పొట్ట పగిలి మెత్తబడితే వదిలేయండి. బ్యాగ్‌లో ఐస్ వేయించుకుని, ఇంటికి రాగానే శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. డెలివరీ ప్యాకెట్ తెరిస్తే చేప చల్లగా లేకపోతే తిప్పి పంపేయండి, మొహమాటపడకండి.

సో, రేపు మార్కెట్‌లో చేప చేతికి తీసుకున్నప్పుడు ధర అడిగే ముందు కొవ్వు చూడండి. తెల్ల కండైతే పెనం. ఎర్ర పట్టీ ఉంటే పులుసు. లావు కవ్వలైతే నిప్పు, బక్కవైతే ఇగురు, ముళ్లంటే భయమైతే కుక్కర్. మీ ఊళ్లో కానాగంతని ఏమంటారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో నెత్తళ్లు. ఉంటాను మరి.