మట్టి కార్డు మన చేనుదేనా? – మట్టి పరీక్ష, పంట మార్పిడి

(వానాకాలం సాగుకు ముందు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మీ చేతుల్లో ఉన్న కరపత్రంలో రెండు సంగతులున్నాయి. ఒకటి మట్టి పరీక్ష, రెండోది పంట మార్పిడి. చివర్లో నెలల వారీ పట్టిక ఉంది. కరపత్రంలో చోటు తక్కువ కాబట్టి రాయలేకపోయిన వివరాలను ఇక్కడ విడమరిచి చెప్పుకుందాం. మనలో ఎక్కువ మందివి వానమీద ఆధారపడ్డ నల్లరేగడి పత్తి చేన్లు. అందుకే పత్తినే ఉదాహరణగా తీసుకుంటున్నాం.

మొదట ఒక ప్రశ్న. మీ ఇంట్లో ఉన్న మట్టి కార్డు మీ చేనుదేనా?

కేంద్ర ప్రభుత్వం 2015లో భూసార కార్డుల పథకం మొదలుపెట్టింది. అందులో ప్రతి రైతు చేను నుంచీ మట్టి తీయలేదు. భూమిని గళ్లుగా విభజించి, నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒక నమూనా తీశారు. పది హెక్టార్లంటే ఇరవై ఐదు ఎకరాలు. మనలాంటి చిన్న రైతులు పది మంది చేన్లు అందులో పడతాయి. ఒకరి చేన్లో తీసిన మట్టి, పది మందికీ కార్డు. గట్టుకు ఈవల ఏటా పెంట తోలిన చేను, ఆవల పదేండ్లుగా తోలని చేను ఉన్నా లెక్క ఒక్కటే. తెలుసుకోవడం తేలిక. పక్క చేను వాళ్ల కార్డు తెచ్చి మీదాని పక్కన పెట్టి చూడండి. అన్ని గళ్లలోనూ అవే అంకెలు ఉంటే అది మీ చేను పరీక్ష కాదు, గడి పరీక్ష.

మన సంఘం సభ్యుడు ఒకాయన సంగతి చెప్తాం. మూడెకరాల నల్లరేగడి. ఏడేండ్లుగా పత్తి మీద పత్తి. ఆయనకు వచ్చిన కార్డులో భాస్వరం మధ్యస్థం అని ఉంది. ఆయనేమో ఎకరాకు రెండు బస్తాల డీఏపీ, మూడు బస్తాల యూరియా వేసేవాడు. పొటాష్ వేసేవాడు కాదు. అయినా చెట్టు ఎదగక, లేత ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు తిరిగేవి. దుకాణంలో అడిగితే ఇంకో బస్తా డీఏపీ వేయమన్నారు, వేశాడు. పసుపు తగ్గలేదు. పోయిన ఎండాకాలం మనవాళ్లు దగ్గరుండి ఆయన చేన్లోనే మట్టి తీయించి ప్రయోగశాలకు పంపారు. ఫలితం ఇదీ: సేంద్రియ కర్బనం 0.38 శాతం, అంటే తక్కువ. నత్రజని తక్కువ. భాస్వరం ఎక్కువ. పొటాష్ ఎక్కువ. జింకు 0.4 పీపీఎం, అంటే తక్కువ.

ఏం జరిగిందో అర్థమైంది కదా. భాస్వరం యూరియాలాగా నీళ్లతో కొట్టుకుపోదు. వేసినదాంట్లో పంట కొంతే తీసుకుంటుంది, మిగతాది నేలలోనే పేరుకుంటుంది. అట్లా పేరుకున్న భాస్వరం మొక్కకు జింకు అందకుండా అడ్డం పడుతుంది. పసుపుకు మందు అనుకుని వేసిన డీఏపీయే ఆ పసుపును పెంచింది.

మట్టి ఎట్లా తీయాలి

పంట తీశాక, పెంట తోలకముందు, ఏప్రిల్, మే నెలల్లో తీయాలి. ఎరువు వేసిన రెండు మూడు నెలల లోపల తీస్తే ఎరువునే పరీక్ష చేసినట్టవుతుంది. చేను అంతా ఒకే తీరుగా ఉంటే ఎకరానికి ఎనిమిది, పది చోట్ల వంకరటింకరగా నడుస్తూ తీయాలి. ఎర్రగా ఉన్న భాగం, నల్లగా ఉన్న భాగం, చౌడు ఉన్న భాగం ఉంటే వేటికవే వేరు నమూనాలు. గట్ల వెంబడి, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన జాగాలో, నీళ్లు నిలిచే చోట తీయొద్దు.

పైన ఉన్న చెత్తను పక్కకు జరిపి, పారతో ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో ఆరు అంగుళాల లోతు గుంట తీయండి. ఆ మట్టి పారేసి, గుంట గోడ వెంబడి పైనుంచి కిందిదాకా ఒక అంగుళం మందాన చెక్కి ఆ మట్టి తీసుకోండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. పైపైన గుప్పెడు మట్టి ఎత్తుకొస్తే అందులో భాస్వరం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

అన్ని చోట్ల మట్టీ ప్లాస్టిక్ తొట్టిలో వేసి గడ్డలు చిదిమి కలపండి. తుప్పుపట్టిన ఇనుప గంపలు, రేకు బకెట్లు వద్దు. వాటి ఇనుము, జింకు మట్టిలో కలుస్తాయి. ఎరువు బస్తా మీద అసలే ఆరబోయొద్దు. కలిపిన మట్టిని గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్లీ కలిపి అట్లాగే చేయండి. అరకిలో మిగిలేదాకా చేసి, నీడలో ఆరబెట్టి శుభ్రమైన సంచిలో పోయండి. పేరు, ఊరు, సర్వే నంబరు, పోయినసారి వేసిన పంట, ఈసారి వేయబోయే పంట చీటీ మీద రాసి ఒకటి లోపల, ఒకటి బయట పెట్టండి. కౌలు రైతులు పట్టాదారు పేరుతో పాటు తమ పేరు, ఫోన్ నంబరు కూడా రాయాలి. లేకపోతే కార్డు పట్టాదారుకు పోతుంది, సాగు చేసేవాళ్లకు అందదు.

కార్డు చూసి ఎరువు లెక్క కట్టడం

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. పోషకం మధ్యస్థం అని ఉంటే సిఫారసు చేసినంత వేయాలి. తక్కువ ఉంటే నూటికి ముప్పై వంతులు పెంచాలి. ఎక్కువ ఉంటే ముప్పై వంతులు తగ్గించాలి. బీటీ పత్తికి ఎకరాకు సిఫారసు 60 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్.

మన సభ్యుడి చేనుకు లెక్క కడదాం. భాస్వరం ఎక్కువ ఉంది కాబట్టి 24లో ముప్పై వంతులు తీసేస్తే సుమారు 17 కిలోలు. డీఏపీలో నూటికి 46 వంతులు భాస్వరం, 18 వంతులు నత్రజని. కాబట్టి 37 కిలోల డీఏపీ చాలు. దాంతోపాటే ఆరున్నర కిలోల పైచిలుకు నత్రజని వస్తుంది. నత్రజని తక్కువ ఉంది కాబట్టి 60కి ముప్పై వంతులు కలిపితే 78 కిలోలు. డీఏపీలో వచ్చింది పోను 71 కిలోలకు 155 కిలోల యూరియా కావాలి. 45 కిలోల బస్తాలైతే మూడు బస్తాల మీద 20 కిలోలు. పొటాష్ ఎక్కువ ఉన్నా మొత్తానికే మానొద్దు, కాయ ఊరేటప్పుడు పత్తికి అది బాగా కావాలి. 17 కిలోలకు 28 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ సరిపోతుంది. జింకు లోటుకు ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్. దాన్ని డీఏపీతో కలిపి వేయొద్దు, కనీసం మూడు రోజులు ఎడం ఉండాలి.

డీఏపీ మొత్తం దుక్కిలోనే వేయాలి. యూరియా, పొటాష్ నాలుగు భాగాలు చేసి 20, 40, 60, 80 రోజులకు తేమ చూసి వేయాలి. పైపాటుగా డీఏపీ చల్లడం డబ్బు పారబోసుకోవడమే.

ఇదివరకు ఆయన రెండు బస్తాలు వేసిన చోట ఇప్పుడు 37 కిలోలు, అంటే ఎకరాకు 63 కిలోల డీఏపీ మిగిలింది. బస్తా 1,350 రూపాయల లెక్కన అది 1,700 రూపాయలు. ఇందులో కొంత జింకుకు, పొటాష్‌కు పోతుంది, అంతా జేబులోకి రాదు. కానీ పనికిరాని దానికి పెట్టే డబ్బు పనికొచ్చే దానికి మళ్లింది.

పంట మార్పిడి ఎందుకు

కార్డులో ఒక్క అంకె మాత్రం బస్తాతో బాగుపడదు. అది సేంద్రియ కర్బనం. దానికి పెంట కావాలి, పంట మారాలి. మూడెకరాలను మూడు మడులుగా చేసి ఏటా పంటలు తిప్పుదాం. పత్తి తర్వాత పెసర, ఆ వెంటనే యాసంగి జొన్న. జొన్న తర్వాతి ఏడు కంది. కంది తర్వాత మళ్లీ పత్తి.

ఈ వరుసకు కారణముంది. కందికి ఎండు తెగులు నేలలోంచే వస్తుంది. ముందు జొన్న వేస్తే తగ్గుతుంది. కంది వేరు లోతుకు పోయి నేలను గుల్ల చేస్తుంది, ఆకంతా రాల్చి పోతుంది. అది పత్తికి పనికొస్తుంది. పెసరకాయ రెండుసార్లు ఏరుకున్నాక చెట్టును పీకేయకుండా దున్నేయాలి. భాస్వరం ఎక్కువున్న చేన్లో పెసరకు, కందికి ఎకరాకు 30 కిలోల డీఏపీ చాలు, పైపాటు యూరియా అక్కర్లేదు.

పప్పు పంట నత్రజని పట్టిందా లేదా మనమే చూసుకోవచ్చు. నెల దాటాక ఒక మొక్కను వేర్లు తెగకుండా పెకిలించి, బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే పనిచేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పనిచేయడం లేదు. అట్లాంటి చోట వచ్చేసారి రైజోబియం 200 గ్రాముల పొట్లం ఎకరా విత్తనానికి బెల్లం నీళ్లతో పట్టించి, నీడలో ఆరబెట్టి వేయండి.

| నెల | మొదటి మడి: పత్తి | రెండో మడి: పెసర, జొన్న | మూడో మడి: కంది |
|---|---|---|---|
| ఏప్రిల్–మే | మట్టి తీయడం, దుక్కి, 4 టన్నుల పెంట | మట్టి తీయడం, దుక్కి | మట్టి తీయడం, లోతు దుక్కి |
| జూన్ | 60–75 మి.మీ. వాన పడ్డాకే విత్తడం | తొలి వానకు పెసర | నెల రెండో సగంలో విత్తడం |
| జూలై–ఆగస్టు | కలుపు, పైపాటు ఎరువు | బుడిపెల పరిశీలన, కాయ ఏరడం, దున్నడం | కలుపు, గుంటుక |
| సెప్టెంబరు–అక్టోబరు | గులాబీ పురుగుకు లింగాకర్షక బుట్టలు, తొలి ఏరుడు | సెప్టెంబరు చివర జొన్న | పూత, కాయతొలిచే పురుగుపై కన్ను |
| నవంబరు–డిసెంబరు | ఏరుడు, డిసెంబరుతో పంట ముగింపు | జొన్న కలుపు, గుంటుక | కాయ, కోత మొదలు |
| జనవరి–ఫిబ్రవరి | కట్టె తీసేయడం | జొన్న కోత, చొప్ప పశువులకు | కోత, నూర్పిడి |
| వచ్చే ఏడు | పెసర, జొన్న | కంది | పత్తి |

ఈ పట్టిక నల్లరేగడికి. ఎర్ర చెలకలో జొన్నకు సరిపడా తేమ నిలవదు. అక్కడ పెసర తర్వాత ఉలవలు చల్లుకోవడం మేలు.

ఇబ్బందులు దాచం. పెసర కోతకొచ్చేసరికి ముసురు పడితే కాయలోనే మొలకెత్తుతుంది. ఊరంతా పత్తి ఉండి ఒక్కరే జొన్న వేస్తే పిట్టలు, పందులు ఆ ఒక్క చేను మీదే పడతాయి. గులాబీ పురుగు రెక్కలున్న పురుగు, పక్క చేన్లో పత్తి కట్టె మార్చి దాకా ఉంటే మన మార్పిడి దాన్ని ఆపలేదు. అందుకని ఇది ఒక్కరు చేసే పని కాదు. ఒక బాట పక్కన ఉన్న చేన్లవాళ్లు కలిసి ఒకే వైపు జొన్న, ఒకే వైపు పత్తి వేసుకోవాలి.

కౌలు ఏడాదికి ఏడాది మారే రైతు మూడేండ్ల మార్పిడి ఎట్లా చేస్తాడు? పెసర, కంది, జొన్న కొనే కేంద్రం కోతనాటికి తెరవకపోతే ఎవరు వేస్తారు? గడికి కాకుండా చేనుకు పరీక్ష, సాగుదారు పేరు మీద కార్డు, కోతకు ముందే కొనుగోలు కేంద్రం: ఈ మూడింటి మీద వ్యవసాయాధికారికి ఇచ్చే వినతిపత్రం బల్ల మీద ఉంది. సంతకం పెట్టేటప్పుడు మీ సర్వే నంబరు కూడా రాయండి. మీ కార్డు, పక్క చేను వాళ్ల కార్డు రెండూ ఒకటే అయితే ఆ నకళ్లు దానికి జతచేద్దాం.

వచ్చే ఆదివారం బాట పక్క చేన్లలో మట్టి తీస్తున్నాం. పార, ప్లాస్టిక్ తొట్టి, శుభ్రమైన సంచి తెచ్చుకోండి. ఎరువు బస్తాలు మాత్రం ఇంట్లోనే ఉంచండి.