ఓనర్ గారి దగ్గర మన ఇంటి తాళం ఇంకోటి ఉంటే?

మనం తునిలో ఉంటున్న పై పోర్షన్ గురించి ఈరోజు చెప్తాను. పోయిన నెల ఒకరోజు పదకొండింటికి నేను ఆఫీసులో ఉన్నాను. మా అక్క ఫోన్ చేసింది. తనకి నైట్ డ్యూటీ, పొద్దున్నే వచ్చి పడుకుంది. "ఒరేయ్, హాల్లో ఎవరో మగాళ్ల మాటలు వినిపిస్తున్నాయిరా!" అంది.

వచ్చింది దొంగలు కాదండి. మా ఓనర్ బాబాయి గారూ, ఒక ప్లంబరూ. బాత్రూం గొట్టం జాయింటు కారి, కింద వాళ్ల స్లాబు చెమ్మ పట్టిందట. తలుపు కొడితే ఎవరూ పలకలేదని తన దగ్గరున్న తాళంతో తీశారు. ఆయన కారణం నిజమే. కానీ ఆ చెమ్మ కనిపించి అప్పటికే నాలుగు రోజులైంది! నాలుగు రోజులు ఆగిన పని, ఒక్క మెసేజ్ పెట్టి ఇంకొక్క రోజు ఆగలేదా?

2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో 17వ సెక్షన్ సరిగ్గా దీని గురించే. రిపేరుకో, ఇల్లు ఎలా ఉందో చూడడానికో ఓనర్ రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ, ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ చెప్పాలి. అంటే వాట్సాప్ మెసేజ్ కూడా పనికొస్తుంది. అందులో రోజు, టైము, కారణం ఉండాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. మంటలు, వరద, తుఫాను లాంటి అత్యవసరాల్లో మాత్రం నోటీసు అక్కర్లేదు.

అయితే ఒక మెలిక ఉంది. అది నమూనా చట్టం. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. మన ఆంధ్రకి 2017 నాటి సొంత అద్దె చట్టం ఉంది. అందుకే నేను ఆ వాదనలోకి పోకుండా, పదకొండు నెలల అగ్రిమెంట్ రెన్యువల్‌లో ఇలా ఒక వాక్యం రాయించాను: "రిపేరు లేదా తనిఖీకి యజమాని 24 గంటల ముందు వాట్సాప్‌లో తేదీ, సమయం, కారణం తెలిపి, అద్దెదారు ఉన్నప్పుడే ప్రవేశించాలి. పైపు పగలడం, మంటలు, కరెంటు షార్ట్ అయితే వెంటనే ఫోన్ చేసి ప్రవేశించవచ్చు."

పైపు పగలడం నేనే కలిపించాను. నీళ్లు ధారగా పోతుంటే ఆయన్ని ఆపడం న్యాయం కాదు కదండీ. చెమ్మ మరక వేరు, ధార వేరు.

బాబాయి గారు మొదట మొహం ముడుచుకున్నారు. "నా ఇంట్లోకి నేను రావడానికి పర్మిషనా?" అన్నారు. "ఇల్లు మీదే బాబాయి గారూ, లోపల పడుకున్నది మా అక్క" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, సంతకం పెట్టారు.

మొన్న మెసేజ్ వచ్చింది: "రేపు గురువారం 10 గంటలకు ప్లంబర్. జాయింటు మార్చాలి. సిమెంటు ఆరేదాకా ఒకరోజు బాత్రూం వాడొద్దు." అక్క డ్యూటీ నుంచి వచ్చి పడుకునే టైం అది. "సాయంత్రం నాలుగింటికి పెట్టండి" అని రిప్లై ఇచ్చాను. ఊరికే వద్దంటే రిపేరు ఆపింది మనమే అవుతాం. అందుకే ఇంకో టైం మనమే చెప్పాలి.

నాలుగింటికే వచ్చారండి. తాళం జేబులోనే ఉంది, బెల్లు కొట్టారు.