శిక్షగా వచ్చిన బదిలీ

బదిలీ ఉత్తర్వులో ‘పరిపాలనా కారణాలు’ అని మాత్రమే ఉంటుంది. కక్ష అనే మాట ఎక్కడా కనిపించదు. అందుకే ఎదురు చెప్పదలచిన ఉద్యోగి తన కోపాన్ని కాదు, తేదీలనూ హోదానూ చూపించాలి. 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసు చూడండి. ఇండోర్‌లో ప్రభుత్వ రంగ బ్యాంకు అధికారిణి ఒకరు శాఖలో అవకతవకలపైనా, పై అధికారి లైంగిక వేధింపులపైనా ఫిర్యాదు చేశారు. ఆమెను జబల్‌పూర్ జిల్లా సర్సావాకు పంపారు. ఆమెది స్కేల్ ఫోర్ హోదా. ఆ శాఖ స్కేల్ వన్ అధికారికి సరిపోయేది. ఫిర్యాదుల తర్వాత వచ్చిన ఈ పొంతనలేని నియామకాన్ని కోర్టు వేధింపుగానే గుర్తించి, బదిలీని రద్దు చేసిన హైకోర్టు తీర్పును నిలబెట్టింది.

బదిలీ ఉద్యోగంలో భాగమే కదా అంటారు. నిజమే, సాధారణంగా కోర్టులు జోక్యం చేసుకోవు. దూరం, కుటుంబ ఇబ్బంది మాత్రమే చెబితే కేసు నిలవడం కష్టం. కాబట్టి ఫిర్యాదు ప్రతులు, అందిన రసీదులు, బదిలీ విధానం, పాత నియామకాల వివరాలు జతచేసి వెంటనే రాతపూర్వక వినతి ఇవ్వాలి. స్టే రాకుండా విధులకు గైర్హాజరైతే మాత్రం అదే క్రమశిక్షణ చర్యకు కారణమవుతుంది. అభ్యంతరాన్ని రాతలో నిలుపుకొని కొత్తచోట చేరండి. చేరినంత మాత్రాన సవాలు చేసే హక్కు పోదు.