గుండె చప్పుడు లేదన్నాక: ముందున్న మూడు దారులు



ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. ఒక అమ్మాయికి నెల తప్పింది. లెక్క ప్రకారం తొమ్మిదో వారం. రక్తం కనబడలేదు, నొప్పీ లేదు. మామూలుగా స్కానింగుకు వెళ్లింది. పిండం పది మిల్లీమీటర్ల పొడవే ఉంది, అంటే ఏడో వారం దగ్గరే ఎదుగుదల ఆగిపోయింది. గుండె చప్పుడు లేదు. పిండం ఏడు మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉండి గుండె కదలిక కనబడకపోతే ఆ గర్భం నిలవలేదనే అర్థం. అంతకన్నా చిన్నగా ఉంటే మాత్రం తొందరపడకూడదు. వారం పది రోజులు ఆగి మళ్లీ స్కాన్ చేసి చూడాలి.

గుండె చప్పుడు లేదన్న మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లు సాధారణంగా అనేది ఒకటే: "ఇవాళే క్లీన్ చేయించేద్దాం, లేకపోతే తల్లికి విషం ఎక్కుతుంది." ఆ భయం అక్కర్లేదు. మొదటి మూడు నెలల్లో ఇలా ఆగిన గర్భం కొన్ని రోజులు లోపలే ఉన్నంత మాత్రాన విషం కాదు. జ్వరం, ఎడతెగని రక్తస్రావం, తట్టుకోలేని నొప్పి ఉంటే అది అత్యవసరం. అవి లేకపోతే ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది. ఉన్నవి మూడు దారులు: ఆగి చూడడం, మాత్రలు వాడడం, చిన్న ప్రక్రియ చేయించుకోవడం.

మొదటిది ఆగి చూడడం. శరీరమే తనంతట తాను గర్భాన్ని బయటికి పంపేస్తుంది. రక్తస్రావం ఇప్పటికే మొదలై కొంత పడిపోయినవాళ్లలో ఎక్కువ మందికి ఇది చాలు. మన ఉదాహరణలో లాగా ఏమీ మొదలుకాని వాళ్లలో మాత్రం రెండు వారాల్లో సుమారు సగం మందికే పూర్తవుతుంది. మందు గానీ పరికరం గానీ అక్కర్లేకపోవడం దీని మేలు. ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేకపోవడం దీని కష్టం. రాత్రి పూట కావచ్చు, బస్సులో ఉండగా కావచ్చు. రెండు వారాలు గడిచినా మొదలుకాకపోతే మళ్లీ డాక్టరును కలిసి మిగతా రెండు దారుల గురించి మాట్లాడాలి.

రెండోది మాత్రలు. ముందు మిఫెప్రిస్టోన్ ఒక మాత్ర వేసుకోవాలి. ఇది గర్భాన్ని పట్టి ఉంచే హార్మోన్ పనిని ఆపుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టాల్ మాత్రలు వాడాలి. ఇవి గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయి. వీటిని యోనిలో పెట్టుకోవాలా, నాలుక కింద పెట్టుకోవాలా అన్నది డాక్టరు చెబుతారు. కొన్ని గంటల్లో కడుపునొప్పి, రక్తస్రావం మొదలవుతాయి. నెలసరి కంటే చాలా ఎక్కువగా, గడ్డలతో రక్తం పోతుంది. ఆ రెండు మూడు గంటలే అన్నిటికన్నా కష్టం. ఆ సమయంలో ఇంట్లో ఒక మనిషి తోడుండాలి. నొప్పి మాత్ర ముందే దగ్గర పెట్టుకోవాలి. చలి, కొద్దిపాటి జ్వరం, విరేచనాలు రావచ్చు. అవి మందు వల్ల వచ్చేవే, ఆ రోజుకే తగ్గిపోతాయి. రెండు మందులూ కలిపి వాడితే వందమందిలో ఎనభై మందికి పైగా ప్రక్రియ అవసరం రాదు. రెండు రోజులైనా రక్తమే కనబడకపోతే ఆసుపత్రికి చెప్పాలి.

ఒక హెచ్చరిక. ఈ మాత్రలు స్కాన్ లేకుండా మందుల షాపులో కొనుక్కుని వేసుకోకండి. గర్భం గర్భసంచిలో కాకుండా నాళంలో ఉంటే ఈ మాత్రలు పనిచేయవు. ఇటు రక్తం పోతోందని నిశ్చింతగా ఉంటే, అటు నాళం పగిలి ప్రాణం మీదికి రావచ్చు.

మూడోది చిన్న ప్రక్రియ. దీన్నే మనవాళ్లు 'క్లీన్ చేయడం' అంటారు. సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని గర్భసంచిలోకి పంపి, చేతి సిరంజితో గానీ మెషీన్‌తో గానీ పీల్చి తీస్తారు. మత్తు స్థానికంగా ఇవ్వవచ్చు, కాసేపు నిద్రపుచ్చనూ వచ్చు. అసలు పని పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లిపోతారు. వందమందిలో తొంభై అయిదు మందికి పైగా ఒక్కసారితో పూర్తవుతుంది. గర్భసంచికి గాయం కావడం చాలా అరుదు. పదునైన పరికరంతో లోపల గోకే పాత పద్ధతి కన్నా పీల్చి తీసే పద్ధతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోకడం వల్ల లోపలి పొర అతుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే ఏ పద్ధతిలో చేస్తారని అడగడం మీ హక్కు.

మరి ఏది మంచిది? 2006లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో ఈ మూడు దారులనూ పోల్చి చూశారు. ఇన్ఫెక్షన్ మూడింటిలోనూ వందకు రెండు మూడు మందికే వచ్చింది. తర్వాతి కాన్పుల్లోనూ తేడా కనబడలేదు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నామెకు ఏది నచ్చితే అదే సరైనది.

మన ఉదాహరణలో అమ్మాయికి రక్తం తొమ్మిది గ్రాములే ఉంది. ఊరు ఆసుపత్రికి రెండు గంటల దూరం. రాత్రి వాహనం దొరకడం కష్టం. ఆమెకు ఆగి చూడమని నేను చెప్పను. అప్పటికే తక్కువున్న రక్తం ఇంట్లో ఉండగా ఎక్కువగా పోతే సమయానికి చేరుకోలేరు. ప్రక్రియ గానీ, ఆసుపత్రిలోనే ఉండి మాత్రలు గానీ ఆమెకు తగినవి. అదే అమ్మాయికి పన్నెండు గ్రాముల రక్తం ఉండి, ఇల్లు ఆసుపత్రికి దగ్గరై, "నాకు పరికరాలు వద్దు, ఇంట్లోనే గడవాలి" అంటే, ఆగి చూడడం లేదా ఇంట్లో మాత్రలు వాడడం నిశ్చింతగా ఒప్పుకోవచ్చు. బ్లడ్ గ్రూప్ ఆర్‌హెచ్ నెగటివ్ అయితే ఏ దారికైనా ముందే డాక్టరుకు చెప్పాలి. యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమో కాదో వాళ్లు చూస్తారు.

ఇక కోలుకోవడం. రక్తం వారం నుంచి రెండు వారాల దాకా, రోజురోజుకీ తగ్గుతూ పోతుంది. ఆ రోజుల్లో ప్యాడ్లే వాడాలి. రక్తం ఆగే దాకా కలయిక వద్దు. మూడు వారాలకు ఇంట్లో మూత్ర పరీక్ష చేసుకోండి. అప్పటికీ గర్భం ఉన్నట్టే చూపిస్తే ఏదో మిగిలి ఉండవచ్చు, మళ్లీ చూపించుకోవాలి. నెలసరి నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. కానీ రెండు వారాలకే అండం విడుదల కావచ్చు. వెంటనే గర్భం వద్దనుకుంటే జాగ్రత్త అప్పటినుంచే మొదలుపెట్టాలి. కావాలనుకుంటే ఆరు నెలలు ఆగాలన్న నియమం లేదు. ఒక నెలసరి చూసి, రక్తం పెంచుకుని, మనసు సిద్ధపడ్డాక ప్రయత్నించవచ్చు.

ఈ గుర్తులు కనబడితే మాత్రం తెల్లవారే దాకా ఆగకండి: వరసగా రెండు గంటల పాటు గంటకు రెండు ప్యాడ్లు నిండిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, మందు వేసుకున్న ఒక రోజు దాటాక కూడా వంద డిగ్రీలకు మించిన జ్వరం, దుర్వాసనతో స్రావం, మాత్రలకు తగ్గని నొప్పి. 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో వాళ్లకు ఒక మాట. తొలి నెలల్లో ఇలా పోయిన గర్భాల్లో సగానికి పైగా క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. బొప్పాయి ముక్క వల్లనో, బిందె ఎత్తినందువల్లనో, ఆటోలో ప్రయాణం వల్లనో కాదు. ఆమెను తప్పు పట్టకండి. ఉద్యోగం చేస్తున్న ఆమె అయితే, మన దేశ చట్టం ప్రకారం గర్భస్రావం తర్వాత రుజువు చూపిస్తే ఆరు వారాలు వేతనంతో సెలవు ఉంది. ఆ కాగితాలు సిద్ధం చేసే పని మీరు తీసుకోండి. మూడు దారుల్లో ఏది అన్న నిర్ణయం మాత్రం ఆమెకే వదిలిపెట్టండి.