వద్దన్నా వచ్చే ఆలోచన



ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ డాక్టరమ్మగారు జీవితమంతా పురుళ్లు పోశారు. అలాంటావిడ జ్ఞాపకార్థం మాట్లాడమని మనోవైద్యుణ్ణి పిలిచారేమిటా అని మీలో కొందరికి అనిపించే ఉంటుంది. పురుడయ్యాక రెండు మూడు వారాలకు కొందరు తల్లుల మనసులో ఒక సంగతి మొదలవుతుంది. దాన్ని ఆ తల్లి డాక్టరుకు చెప్పదు, కన్నతల్లికి చెప్పదు, మొగుడికి అసలే చెప్పదు. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఒక బాలింత సంగతి చెబుతాను. ఈమె ఒక్క మనిషి కాదు. నా దగ్గరికి వచ్చిన చాలామందిలోంచి ఒక్కో ముక్క తీసుకుని కూర్చిన మనిషి. కాబట్టి ఫలానా వాళ్లమ్మాయేమో అని ఎవరూ ఆరా తీయనక్కర్లేదు.

తొలిచూలు. పుట్టింట్లో ఉంది. బిడ్డ బాగున్నాడు, పాలు తాగుతున్నాడు. గాలీ ధూళీ సోకకుండా అమ్మమ్మ వాడి పక్క కింద ఒక చిన్న చాకు పెట్టింది. ఇది మన ఇళ్లలో మామూలే. మూడో వారంలో ఒక రాత్రి, రెండోసారి పాలకు లేచినప్పుడు, పక్కబట్ట సర్దుతుంటే ఆ చాకు ఈమె చేతికి తగిలింది. తగలగానే 'దీంతో వీణ్ణి పొడిచేస్తే?' అనిపించింది. మాటతో పాటు బొమ్మ కూడా కళ్ల ముందు కదిలింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒళ్లంతా చెమటలు. తెల్లవారేదాకా బిడ్డకు దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది.

మర్నాడు చాకు తీసి బీరువా మీద పడేసింది. ఆ తర్వాత కత్తిపీట కనబడకుండా దాచమంది. స్నానం చేయించేటప్పుడు నీళ్లలో ముంచేస్తానేమోనని, "నాకు నడుము నొప్పి, నువ్వే పొయ్యమ్మా" అని తల్లికి అప్పగించింది. బిడ్డనెత్తుకుని డాబా ఎక్కడం మానేసింది. ఆలోచన వచ్చినప్పుడల్లా దేవుడి పేరు లెక్కపెట్టి అనుకునేది. లెక్క తప్పితే మళ్లీ మొదటికి. "అమ్మా, నేను వాడినేం చెయ్యను కదా?" అని రోజూ అడిగేది. తల్లి కంగారుపడి తాయెత్తు కట్టించింది. ఆ తాయెత్తు చూసుకున్నప్పుడల్లా ఈ పిల్లకు తనలో నిజంగానే ఏదో దూరిందన్న నమ్మకం గట్టిపడింది. నా దగ్గరికి వచ్చేసరికి బిడ్డను పాలకు తప్ప ముట్టుకోవడం లేదు.

తలుపు వేశాక ఆమె నన్నడిగిన మొదటి మాట, "నన్ను పోలీసులకు అప్పజెప్తారా?"

ఆమెకు వచ్చిన ఆలోచన అరుదైనది కాదు. 1978లో లండన్‌లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగారు, వద్దన్నా వచ్చి పడే దారుణమైన ఆలోచనలు మీకూ వస్తాయా అని. అయిదుగురిలో దాదాపు నలుగురు వస్తాయన్నారు. జబ్బు ఉన్నవాళ్ల ఆలోచనలనూ, లేనివాళ్ల ఆలోచనలనూ కాగితాల మీద రాసి కలిపేసి నిపుణులకు ఇస్తే, ఏవి ఎవరివో వాళ్లు సరిగ్గా విడదీయలేకపోయారు. పట్టాలమీదికి ఎవరినో తోసేస్తానేమో, గుడిలో బూతుమాట అనేస్తానేమో, చంటిబిడ్డను గోడకేసి కొడతానేమో లాంటివి రెండు వైపులా ఉన్నాయి.

బాలింతల మీద జరిగిన పని ఇంకా సూటిగా ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో నికోల్ ఫెయిర్‌బ్రదర్ బృందం కొత్త తల్లులను అడిగింది. బిడ్డకు ప్రమాదం జరుగుతుందేమోనన్న ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. తానే కావాలని బిడ్డకు హాని చేస్తున్నట్టు వద్దన్నా ఆలోచన రావడం సుమారు సగం మందిలో కనిపించింది. 2022లో వాళ్లు ప్రచురించిన అధ్యయనం అసలు ప్రశ్ననే పట్టుకుంది. ఈ ఆలోచనలు వచ్చిన తల్లులు బిడ్డను ఎక్కువగా కొట్టారా? బిడ్డతో దురుసుగా ప్రవర్తించామని చెప్పినవాళ్లు ఆలోచనలు వచ్చినవాళ్లలో నూటికి 2.6, రానివాళ్లలో 3.1. అంటే తేడా లేదు. బిడ్డను కొట్టిన ఆ కొద్దిమందిని ముందుగా గుర్తుపట్టడానికి ఈ ఆలోచన ఏమాత్రం పనికిరాలేదు.

మరి సగం మందికి వచ్చే ఆలోచన కొద్దిమందినే ఎందుకు మింగేస్తుంది? ఆలోచన వచ్చాక దానికి మనమిచ్చే అర్థంలో ఉంది తేడా. నిద్ర లేక, అరచేతిలో ఇమిడే ప్రాణానికి కాపలా కాస్తున్న తల్లి మెదడు చుట్టూ ఉన్న ప్రతి ప్రమాదాన్నీ వెతికి చూపిస్తుంది. మెట్లు, నీళ్లు, చాకు, చివరికి తన చేతులు కూడా. ఒక తల్లి 'ఛీ, ఇదేం పాడు ఆలోచన' అనుకుని పక్కకు తిరిగి పడుకుంటుంది. ఇంకొక తల్లి 'ఇలాంటిది వచ్చిందంటే నేనెలాంటి దాన్ని?' అని లేచి కూర్చుంటుంది. అనుకోవడం చేసినంత పాపమనీ, అనుకుంటే జరుగుతుందనీ నమ్మే మనసుకు ఈ రెండో దారి సులువుగా దొరుకుతుంది. అపశకునం మాట నోట రానివ్వని ఇళ్లలో పెరిగాం మనం. ఆ నమ్మకం మనకు పరాయిదేం కాదు.

లేచి కూర్చున్నాక ఆలోచనను తరమడం మొదలవుతుంది. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ కొందరిని అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి అనుకోవద్దని చెప్పి, అనుకున్నప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. దేన్ని అనుకోకూడదో మనసు పదేపదే తనిఖీ చేసుకోవాలి కదా, ఆ తనిఖీయే దాన్ని మళ్లీ తెస్తుంది. మన బాలింత చాకు దాచినప్పుడు కాసేపు హాయిగా ఉంది. ఆ హాయిలో మెదడు నేర్చుకున్న పాఠం మాత్రం ఇది: 'చాకు దాచాం కాబట్టే బిడ్డ బతికాడు.' మరుసటి రోజు కత్తిపీట కూడా ప్రమాదమే అయింది. జపం, తాయెత్తు, తల్లిని అడగడం, అన్నీ అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ చెప్పాయి. ఇలా ముదిరినదాన్నే మేము అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓసీడీ అంటాం.

ఓసీడీలో వచ్చే ఇలాంటి ఆలోచన కోరిక కాదు. ఆమె ప్రాణంగా చూసుకునేదానికి అడ్డంగా వస్తుంది కాబట్టే అంత భయపెడుతుంది. దేవుడంటే లెక్కలేనివాడికి దైవదూషణ తలపు వస్తే వాడు నిద్ర మానుకోడు. 2009లో డేవిడ్ వీల్, ఆయన సహచరులు ఇంగ్లండ్‌లో డాక్టర్ల కోసం రాసిన వ్యాసంలో, ఓసీడీ ఉన్న మనిషి తన అబ్సెషన్‌ను చేతల్లో పెట్టినట్టు నమోదైన సంఘటన ఒక్కటీ లేదన్నారు. అదే వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది. ఏమీ తెలియని అధికారులు భయపడి బిడ్డను తల్లి నుంచి వేరు చేస్తే జరిగే నష్టం మాత్రం నిజమైనది.

అయితే ప్రతి భయంకరమైన మాటకూ ఓసీడీ అని పేరు పెట్టి ఇంటికి పంపేయకూడదు. పాతకాలం వాళ్లు బాలింత సన్ని అని భయపడిన జబ్బు ఒకటుంది. దాన్ని మేము ప్రసవానంతర సైకోసిస్ అంటాం. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. అందులో తల్లికి నిద్ర పట్టకపోవడమే కాదు, నిద్ర అక్కర్లేనట్టు ఉంటుంది. మాట పొంతన తప్పుతుంది. చెవిలో ఎవరో మాట్లాడుతుంటారు. 'వీడు నా బిడ్డ కాదు, మార్చేశారు' అనో, 'వీణ్ణి పంపేస్తేనే వీడికి మంచిది' అనో అంటుంది. అలా అనేటప్పుడు ఆ మాటకు ఆమె ఉలిక్కిపడదు, అది ఆమెకు సబబుగానే తోస్తుంది. నేను మొదట చూసేది అదే. ఓసీడీ ఉన్న తల్లి ఆలోచన నుంచి పారిపోతుంది, సైకోసిస్‌లో ఉన్న తల్లి ఆలోచనతో ఏకీభవిస్తుంది. ఈ రెండోది అత్యవసరం. ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తల్లీబిడ్డలను ఒంటరిగా వదలకూడదు.

ఇంకొకటి కూడా తప్పకుండా అడుగుతాను. 'చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా?' ఓసీడీతో పాటు దిగులు జబ్బు కూడా తరచుగా ఉంటుంది. నాలాంటి తల్లి ఉండటం కంటే లేకపోవడమే బిడ్డకు క్షేమమని ఆమె అనుకోవడం మొదలుపెడితే, నిజమైన ప్రమాదం ఆమెకే.

మన బాలింత దగ్గరికి వస్తాను. పోలీసుల మాటకు జవాబుగా నేనూ కొన్ని ప్రశ్నలడిగాను. ఆలోచన వచ్చినప్పుడు ఎలా ఉంటుంది? వణుకు. అలా చెయ్యాలనిపిస్తుందా? చేస్తానేమోనని భయం. గొంతులేమైనా వినిపిస్తాయా? లేదు. బిడ్డ మీద కోపమా? ఇక్కడ ఏడ్చింది. రాత్రి రెండింటికి పాలు వదలకపోతే ఒకసారి విసుక్కుందట, అదే రుజువని పట్టుకుని కూర్చుంది. చావు తలపు లేదు. జబ్బు పేరు చెప్పి, ఇలాంటి ఆలోచన సగం మంది తల్లులకు వస్తుందని చెప్పాను. "సగం మందికా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగబోతే ఆపాను. మూడోసారికి అది తెలుసుకోవడం కాదు, జపమే.

వైద్యం పేరు పెద్దది, పని చిన్నది. భయపడేదానికి మెట్టు మెట్టుగా ఎదురెళ్లడం, తర్వాత చేసే తంతు ఆపడం. 1966లో ఇంగ్లండ్‌లో విక్టర్ మేయర్ ప్రచురించిన పద్ధతి నుంచి పెరిగింది. మొదటి వారం, తల్లి పక్కనుండగా బిడ్డకు నీళ్లు పోయడం. తర్వాత తల్లి గది బయట. ఆ తర్వాత ఉయ్యాల వంటింటి గుమ్మం దగ్గరుండగా కత్తిపీట మీద బీరకాయలు తరగడం. 'చేస్తానేమో' అన్న ఆలోచన వస్తే రానివ్వాలి, జపం చెయ్యకూడదు, అమ్మను అడగకూడదు. మొదట భయం పెరిగింది. తంతు చెయ్యకుండా కూర్చుంటే దానంతటదే దిగింది. ఎన్నాళ్లకో అని తల్లి అడిగితే, రెండు మూడు నెలలు పట్టొచ్చన్నాను. అమ్మమ్మకూ పని పడింది. కూతురు అడిగినప్పుడు 'ఏం చెయ్యవులే' అనకుండా, 'అది డాక్టరుగారు చెప్పిన ప్రశ్న కదా' అని ఊరుకోవడం. ఆవిడకు ఇదే కష్టమైంది. భయం తగ్గకపోతే మందు ఉంది. పాలిచ్చే తల్లికి సాధారణంగా సెర్ట్రలీన్ ఎంచుకుంటాం, అది పాలలోకి వెళ్లేది చాలా తక్కువ.

పూర్తి భరోసా నేను ఇవ్వలేదు. ఎన్నటికీ ఏమీ చెయ్యవని రాసిమ్మంది. అలాంటి కాగితం ఈ సభలో ఎవరికీ ఎవరూ ఇవ్వలేరు. మీరూ నేనూ అది లేకుండానే పిల్లలను పెంచాం.

ఆశా కార్యకర్తలకు ఒక మాట. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి మీరు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్తారు. బొడ్డు, బరువు, పాలు చూస్తారు. తల్లి మనసు కోసం వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి. చివరిది తనకు తాను హాని చేసుకోవడం గురించి అడుగుతుంది. బిడ్డ గురించి వచ్చే ఆలోచనల మీద ఒక్క ప్రశ్నా లేదు. అడిగేవాళ్లు లేక ఆ తల్లి చెప్పదు. 14, 21 రోజుల్లో వెళ్లినప్పుడు, అత్తగారూ అమ్మా పక్క గదిలో ఉండగా ఇలా అడిగి చూడండి: "చాలామంది తల్లులకు బిడ్డ గురించి వద్దన్నా భయంకరమైన ఆలోచనలు వస్తుంటాయి, తామే ఏమైనా చేస్తామేమోనని కూడా. మీకేమైనా వస్తున్నాయా?" అవునంటే ముఖం మార్చకండి. అవి వచ్చినప్పుడు ఏమనిపిస్తుందని అడగండి. భయపడుతుంటే బిడ్డను ఆమె ఒళ్లోంచి తీసుకోవద్దు. పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పండి, టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి. భయం లేకుండా, అదే మంచిదన్నట్టు చెబితే మాత్రం ఇల్లు కదలకుండా అక్కడినుంచే 108కి ఫోన్ చేయండి.